రెండోసారికి గట్టెక్కాను: ఫోటో రౌండ్‌లో కప్ప, టోడ్, బల్లి

మొన్న రాత్రి లిస్టు పెట్టారు. నా నంబరు ఉంది. రెండేళ్లు ఈ ఒక్క లిస్టు కోసం ఎదురుచూశాను కాబట్టి నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను. ఫీల్డ్ సర్వే పోస్టులకు చదివేవాళ్లకు సిలబస్, ప్యాటర్న్ అన్నీ తెలుసు. రాత పరీక్ష గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, పాత పేపర్లు చేస్తే సరిపోతుంది. నన్ను పోయినసారి ముంచింది ఫోటో రౌండ్, అంటే ఫోటో చూసి అందులోని జీవి ఏదో గుర్తుపట్టి రాసే రౌండ్. దాని గురించే చెప్తాను.

పోయినసారి మూడు మార్కుల్లో పోయింది. ఆ మూడు మార్కులు ఏ రెండు ఫోటోల్లో పోయాయో నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

మొదటిది ఎర్రమట్టి మీద ముద్దలా కూర్చున్న జీవి. పొట్టి కాళ్లు, గుండ్రటి ఒళ్లు, గరుకు వీపు, కన్ను వెనక ఏదో ఉబ్బు. పది సెకన్లలో ‘టోడ్, డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్’ అని రాసి తర్వాతి ఫోటోకి వెళ్లిపోయాను. కీ వచ్చాక చూస్తే అది స్ఫీరోథీకా, మట్టిలో బొరియ తవ్వుకుని ఉండే కప్ప. చదవక పోగొట్టుకున్న మార్కు కాదది. కప్పకు నున్నటి తడి చర్మం, పొడవు కాళ్లు. టోడ్‌కు పొడి గరుకు చర్మం, పొట్టి కాళ్లు అని ఎనిమిదో తరగతి నుంచీ చదువుతున్నదే రాశాను. ఇంగ్లండ్‌లో మామూలుగా దొరికే ఒక కప్పని, ఒక టోడ్‌ని పక్కపక్కన పెడితే ఆ వాక్యం సరిపోతుంది. మన దగ్గర సరిపోదు. మన చెరువుల్లో నీటి పైన తేలుతూ కనిపించే యూఫ్లిక్టిస్ కప్పకే వీపంతా బుడిపెలు ఉంటాయి. వానలో తడిసిన టోడ్‌ని ఫ్లాష్‌తో తీస్తే నూనె రాసినట్టు మెరుస్తుంది. ఫోటోలో తడి, పొడి చూసి నిర్ణయిస్తే దెబ్బ తింటాం. అసలు టోడ్‌లు కూడా కప్పల్లోనే ఒక కుటుంబం, బ్యుఫోనిడే. మనం చూడాల్సింది ఆ కుటుంబం గుర్తులు.

ఆ గుర్తులు నాకు పుస్తకంలో కాదు, మా పశువుల కొట్టం లైటు కింద తెలిశాయి. పురుగుల కోసం రోజూ రాత్రి అక్కడికి ఒక టోడ్ వచ్చేది. మా ఊళ్లో పెద్ద కప్ప ఏదైనా బోదురుకప్పే, అందుకే ఇక్కడ టోడ్ అనే రాస్తున్నాను. దాన్ని ముట్టుకోకుండా, నేల మీద పడుకుని, దాని తల ఎత్తుకి ఫోన్ పెట్టి ఫోటోలు తీశాను. అప్పుడు కనిపించింది: ముక్కు దగ్గర మొదలై కంటి చుట్టూ తిరిగి వెనక్కి పోయే నల్లటి గట్టు, కాటుక గీత దిద్దినట్టు. ఆ గట్టు అయిపోయిన చోట, కన్ను వెనక, చిక్కుడు గింజలా పొడవుగా ఉబ్బిన గ్రంథి. అదే పెరోటాయిడ్. దాని మీద సన్నటి రంధ్రాలు కూడా కనిపించాయి. వీపు మీది బుడిపెల కొనలు నల్లగా, పెన్నుతో చుక్క పెట్టినట్టు ఉన్నాయి.

తొలకరి పడ్డాక వేరుశెనగ చేలో స్ఫీరోథీకా దొరికింది. అదే ఎత్తు నుంచి దాన్నీ తీసి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకున్నాను. నా తప్పు ఎక్కడుందో ఆ నిమిషంలో తెలిసింది. పరీక్షలో నేను పెరోటాయిడ్ అనుకున్నది గ్రంథి కాదు, చర్మం మడత. కన్ను వెనక మొదలై, చెవి పొర పైనుంచి వంగి, భుజం వైపు దిగుతుంది. గ్రంథికి వెడల్పు ఉంటుంది, దిండులా ఉబ్బి ఉంటుంది. మడత సన్నటి గీతలా చెవిని చుట్టి దిగుతుంది. తల మీద నల్ల గట్లు అసలే లేవు. వెనక పాదం కనిపించే ఫోటో అయితే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. లోపలి వేలి మొదట్లో పారలాంటి గట్టి బుడిపె, దాదాపు ఆ వేలంత పొడవు ఉంటుంది. దానితోనే అది వెనక్కి వెనక్కి మట్టిలోకి దిగుతుంది. టోడ్ పాదానికీ బుడిపెలు ఉంటాయి గానీ ఇంత పెద్దవి కావు.

అప్పటి నుంచి నా వరుస మార్చుకున్నాను. ముందు తల, తర్వాత కన్ను వెనక భాగం, తర్వాత వేళ్లు. ఒళ్లు ఎంత లావు, కాళ్లు ఎంత పొట్టి అన్నది ఆఖరున. ఆకారం చూస్తే మనసు వెంటనే జవాబు చెప్పేస్తుంది, ఆ తర్వాత మిగతావన్నీ ఆ జవాబుకు తగ్గట్టే కనిపిస్తాయి. నాకు జరిగింది అదే.

వేళ్ల గురించి ఒక మాట. వేలి కొసన గుండ్రటి బిళ్లలు స్పష్టంగా ఉండి, ఒళ్లు సన్నగా, నడుము బిగుతుగా ఉంటే పాలిపెడేటస్ లాంటి చెట్టుకప్ప. వానాకాలంలో బాత్రూమ్ గోడ మీద మీరు చూసే ఉంటారు. కానీ ఒళ్లు బంతిలా ఉండి, చిన్న నోరు, వీపు మీద ఎర్రటి పట్టీలు ఉంటే వేలి కొసలు వెడల్పుగా కనిపించినా చెట్టుకప్ప అని రాయకండి. అది యూపెరోడాన్ అనే వేరే రకం కప్ప కావచ్చు.

రెండో ఫోటో బల్లిది, ఇంగ్లిష్‌లో గెకో అంటారే, అది. పోయినసారి దాన్ని చూసి ‘బల్లి కాదు’ అని రాశాను. వేళ్లకు మెత్తలు లేవు, పైగా కనురెప్పలు ఉన్నాయి. మనింటి గోడ మీది హెమిడాక్టిలస్‌కి వేలి కింద రెండు వరుసల మడతలతో వెడల్పాటి మెత్త ఉంటుంది, దాని మీదుగా గోరు పైకి లేస్తుంది. కంటికి రెప్ప ఉండదు, అద్దం లాంటి పొర ఉంటుంది. ఈ రెండూ లేకపోయేసరికి కొట్టేశాను. అది యూబ్లెఫారిస్ హార్డ్‌వికీ, మన తూర్పు కనుమల్లో ఉండే లెపర్డ్ గెకో. నేల మీద తిరిగే జీవి, దానికి గోడ ఎక్కే మెత్తలతో పనిలేదు. గెకోల్లో కదిలే రెప్పలున్న కొద్ది గుంపుల్లో అదొకటి.

మరి దేనిని చూసి చెప్పాలి? చర్మం, కనుపాప. తొండకి, నలికిరికి పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. తొండ పొలుసుకి మధ్యలో గట్టు, వీపు మీద ముళ్ల వరుస ఉంటాయి. నలికిరిది నున్నటి మెరుపు, తలకీ ఒంటికీ మధ్య మెడ పెద్దగా తెలియదు. గెకో వీపు అలా ఉండదు. మెత్తటి గుడ్డ మీద సన్నపూసలు చల్లినట్టు ఉంటుంది. ఇక కనుపాప నిలువు చీలికలా ఉంటే మన దేశపు బల్లి, తొండ లాంటి జీవులన్నింట్లో అది గెకోనే. తొండ, నలికిరి, ఉడుము, ఊసరవెల్లి అన్నింటివీ గుండ్రటి పాపలే. అయితే దీన్ని తిప్పి చదవకూడదు. నెమాస్పిస్ అనే చిన్న గెకోలకు పాప గుండ్రం, వేళ్లు సన్నం. వాటిని రెప్ప లేని కంటితో, పూసల్లాంటి చర్మంతో పట్టుకోవాలి. రాత్రి తీసిన ఫోటోలో చీలిక కూడా విచ్చుకుని గుండ్రంగా కనిపిస్తుంది, అదీ గుర్తుపెట్టుకోండి.

ఈ ఏడాది రోజూ ఎనిమిదింటికి టార్చ్ పట్టుకుని కొట్టం దగ్గరికి వెళ్లాను. జ్వరం వచ్చిన మూడు రోజులు తప్ప మానలేదు. పగలు అవే ఫోటోలు చూసి ప్రతి దానికి కారణం రాసుకున్నాను. ‘టోడ్’ అని మాత్రం రాస్తే నాకు నేనే సున్నా వేసుకునేదాన్ని. ‘టోడ్, నల్ల గట్టు, గ్రంథి’ అని రాస్తేనే మార్కు. స్నేహితులు పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్లలేదు. నాది మొండితనం అన్నారు. అనుకోనీ. మీరు మాత్రం పేరుతో పాటు కారణం కూడా రాయండి, ఎంత తెలిసిన జీవి అయినా సరే.

ఈసారి ఫోటో రౌండ్‌లో బంగారు బల్లి వచ్చింది. తిరుమల కొండ రాళ్ల మీద నేను చూసిందే, వేలి కొసన జంట మెత్తలతో సహా. దానికి టెన్షన్ పడలేదు. ఆఖరి ఫోటో దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఆకు మీద బొటనవేలి గోరంత పిల్ల. వీపు మీద బుడిపెలు మొదలవుతున్నాయి, తల మీద గట్లు ఇంకా రాలేదు, కన్ను వెనక ఏమీ స్పష్టంగా లేదు. పోయినసారి అయితే టోడ్ పిల్ల అని జాతి పేరుతో సహా రాసేసేదాన్ని. ఈసారి ‘కప్ప పిల్ల, గ్రంథి కనిపించడం లేదు కాబట్టి ఈ ఫోటోతో టోడ్ అని తేల్చలేం’ అని రాసి పేపర్ ఇచ్చేశాను.