ముందు ఆయన గొంతు, తర్వాతే ఫొటో

పెళ్లైన కొత్తలో ఉద్యోగాల వల్ల మేమిద్దరం వేర్వేరు ఊళ్లలో ఉండేవాళ్లం. అప్పట్లో మా ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు నేను ఒక్కటీ పోనివ్వలేదు. పెళ్లిరోజుకి వీడియో చేద్దామనుకున్నప్పుడు, ఫొటోలు పేర్చి వెనక పాట పెట్టడం నాకు నచ్చలేదు. ఆయన మాటలే కథ నడపాలి, ఫొటోలు వాటి వెంట రావాలి అనుకున్నాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇవి WhatsApp Voice Notes ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైల్ పేరు PTT-20190314-WA0007.opus అని ఉంటే అది 2019 మార్చి 14 నాటిది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల పేర్లలోనూ తేదీ ఇలాగే ఉంటుంది. కాకపోతే అది పంపిన రోజు, ఫొటో తీసిన రోజు కాకపోవచ్చు. ఆ తేదీలను బట్టి ఏ మాటకి ఏ ఫొటో రావాలో కాగితం మీద రాసుకున్నాను.

నా ఎడిటింగ్ యాప్ opus ఫైళ్లను తీసుకోలేదు. కంప్యూటర్‌లో ffmpeg అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని wav ఫైళ్లుగా ఇలా మార్చాను:

```
ffmpeg -i PTT-20190314-WA0007.opus -ar 48000 vaana.wav
```

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఈ క్లిప్‌కే. "ఇక్కడ వాన మొదలైంది, విను" అని ఆయన ఫోన్‌ని కిటికీ దగ్గర పెడతారు. కాసేపు వాన చప్పుడే. తర్వాత ఒక దగ్గు, ఆపైన "నువ్వుంటే బాగుండేది" అంటారు. నాయిస్ రిడక్షన్ పెడితే వాన మాయమైపోయి, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టయింది. ఆగకుండా ఒకేలా వినిపించే శబ్దాన్ని ఆ ఫిల్టర్ అనవసరమైనదిగా లెక్కేస్తుంది. వాన కూడా దానికి అలాంటిదే. అందుకే ఈ క్లిప్‌కి ఫిల్టర్ తీసేశాను. ఫ్యాన్ హోరు ఉన్న మిగతావాటికి మాత్రం కొద్దిగా వాడాను.

దగ్గు కత్తిరిస్తే అతుకు దగ్గర వాన ఒక్కసారిగా తెగినట్టు వినిపించింది. మాటలు లేని చోటు నుంచి ఒక సెకను వాన చప్పుడు కాపీ చేసి అతుకు కింద పరిచి, రెండు చివర్లా ఫేడ్ ఇచ్చాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియలేదు.

మామూలుగా ఒక్కో ఫొటోకి నాలుగైదు సెకన్లు ఇచ్చాను. ఇక్కడ మాత్రం ఆయన కిటికీ పక్కన నిలబడ్డ ఒక్క ఫొటోనే క్లిప్ అయ్యేదాకా ఉంచాను. ఫొటో మారితే చెవి వానని వదిలేస్తుంది. సంగీతం కూడా పెట్టలేదు. వేరే చోట్ల ఆయన మాట్లాడుతున్నంతసేపు సంగీతాన్ని 15 డెసిబెల్స్ తగ్గించాను. సరిపోయిందో లేదో హెడ్‌ఫోన్స్‌లో కన్నా ఫోన్ స్పీకర్‌లో వింటే బాగా తెలుస్తుంది. మాట కోసం చెవి పెట్టాల్సి వస్తే ఇంకా తగ్గించాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గుతుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాను. చూశాక ఆయన అడిగిన మొదటి మాట, "ఆ వాన రోజుది ఇంకా ఉందా నీ దగ్గర?" అని. దగ్గుతో సహా అసలు ఫైళ్లన్నీ అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాను.