రోజుకు ఒకటిన్నర టన్ను?

గాజువాకలో పచ్చళ్లు, పొడులు ప్యాక్ చేసే చిన్న కంపెనీకి కొత్త ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం. ప్రెస్ నోట్ రాసే పని నాకొచ్చింది. ఓనర్ గారు పంపిన డ్రాఫ్టులో మొదటి పేరా అంతా ముఖ్య అతిథి గారే. దాన్ని కిందికి దింపడం తేలికే. టెన్షన్ పెట్టింది "రోజుకు ఒకటిన్నర టన్ను ఉత్పత్తి" అన్న మాట.

ఆ లెక్క ఎలా వచ్చిందని ప్రొడక్షన్ చూసే అన్నయ్యని అడిగాను. మెషిన్ ఎనిమిది గంటల షిఫ్టుకు 500 కిలోలు చేస్తుందట, దాన్ని మూడు షిఫ్టులతో గుణించారు. ఇప్పుడు నడిచేది ఒక్క షిఫ్టే. అందులోనూ కారప్పొడి నుంచి నువ్వుల పొడికి మారితే మెషిన్ కడిగి ఆరబెట్టాలి, ఆ టైమ్ పోతుంది. అందుకే "షిఫ్టుకు 500 కిలోల సామర్థ్యం, ప్రస్తుతం ఒక షిఫ్టు" అని రాశాను. ఓనర్ గారి ముఖం చిన్నబోయింది.

"సార్, రేపు డీలర్ ఆ కటింగ్ పట్టుకొచ్చి సరుకు అడిగితే?" అన్నాక ఒప్పుకున్నారు.

"ఎఫ్ఎస్ఎస్ఏఐ ధ్రువీకరించిన రుచి" అన్నదీ తీసేశాను. ఆ ఆహార భద్రతా సంస్థ ఇచ్చేది వ్యాపారం చేసుకోడానికి లైసెన్సు, రుచికి సర్టిఫికెట్ కాదు. పైగా ప్రతి చోటుకీ విడిగా తీసుకోవాలి, పాత యూనిట్ నంబరు కొత్తదానికి పనికిరాదు. నోట్లో పాత నంబరే ఉంది!

ఇంకోటి, ఫ్యాక్టరీ అచ్యుతాపురంలో. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లా. "విశాఖ జిల్లా" కొట్టేసి, నోట్ అనకాపల్లి విలేకరులకు కూడా పంపాం.