పీసీసీ లేకుండానే జాలీ దించబోయారు

పునాదికి మార్కింగ్, తవ్వకం ఏ గొడవా లేకుండా అయిపోయాయి. కాలమ్‌ల కింద వేసే ఫుటింగుల దగ్గరికి వచ్చాకే కాంట్రాక్టర్‌తో పేచీ మొదలైంది. "నేల గట్టిగా ఉంది సార్, పీసీసీ దండగ, నేరుగా జాలీ దించేద్దాం" అన్నాడు. పీసీసీ అంటే ఫుటింగ్ కింద పోసే కడ్డీలు లేని కాంక్రీట్ పొర, జాలీ అంటే ఫుటింగ్ అడుగున ఉండే కడ్డీల అల్లిక. డ్రాయింగులో ఫుటింగ్ కింద 100 మి.మీ. పీసీసీ ఉందని చూపిస్తే, "మీరు కాగితం చూసి చెబుతున్నారు, మేం చేతులతో కడుతున్నాం" అని పనివాళ్లందరి ముందు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

వాదించి లాభం లేదని, ఒక గుంటలో మట్టి మీదే 50 మి.మీ. కవర్ బ్లాకులు పెట్టించి జాలీ దింపించాను. టేపు పెడితే కడ్డీకీ మట్టికీ మధ్య సరిగ్గా 50 ఉంది. కాలమ్ కడ్డీలు కట్టడానికి ఇద్దరు ఎక్కి దిగాక మళ్లీ కొలిచాను. ఒక మూల 30, ఇంకో మూల 20 కూడా లేదు. బ్లాకులు మట్టిలోకి దిగబడిపోయాయి. ఇక కాంక్రీట్ బరువు పడి, వైబ్రేటర్ తిరిగితే ఎంత మిగులుతుంది? ఫుటింగ్ వంగకుండా లాగి పట్టేది ఆ అడుగు కడ్డీలే. కడ్డీల కింద సరిపడా కాంక్రీట్ కవర్ లేకపోతే నేల చెమ్మ వాటికి చేరి తుప్పు పడుతుంది, తుప్పుతో కడ్డీ ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇదంతా మట్టి కింద జరుగుతుంది కాబట్టి మన కంటికి కనబడదు.

అప్పుడు కాంట్రాక్టర్ నోరు మూతపడింది.

పక్క గుంట అయితే ఒక అడుగు లోతు ఎక్కువ తవ్వేశారు. తవ్విన మట్టే మళ్లీ పోసి సమం చేయబోతుంటే ఆపించాను. వదులు మట్టి బరువు పడగానే కుంగుతుంది. మొత్తం తీయించి, ఆ లోతంతా పీసీసీతోనే నింపించాను.

పీసీసీకి సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్లలో కలిపి, ఫుటింగ్ కంటే చుట్టూ 100 మి.మీ. ఎక్కువ వచ్చేలా పోశారు. మా ఫుటింగ్ 1.5 మీటర్ల చదరం, కాబట్టి పీసీసీ 1.7 మీటర్ల చదరం. గుంటకు 0.29 ఘనపు మీటర్లు. ఇంత కొంచెం కోసమా అంత రాద్ధాంతం అనిపించింది! మర్నాడు దాని మీద సెంటర్ లైన్లు చక్కగా గీసుకున్నాం, మట్టి మీదైతే కాలు పడితే చెరిగిపోతాయి. ఫుటింగ్ కాంక్రీటులోని నీళ్లను నేల పీల్చే బెడద, అడుగున బురద కలిసే బెడద కూడా తప్పాయి.

అయితే పీసీసీ వేశాం కదా అని మెత్తటి నేల గట్టిపడదు. నేల బలం చూసి ఫుటింగ్ సైజు తేల్చాల్సింది ఇంజనీరే.

ఇంకొక్కటి. కొందరు మేస్త్రీలు పొడి మిశ్రమం పరిచి పైన నీళ్లు చల్లేసి, పీసీసీ అయిపోయిందంటారు. దగ్గరుండి కలిపించండి. మర్నాడు కడ్డీ మొనతో గీకి చూడండి, కంకర ఊడి వస్తే తీయించి మళ్లీ పోయించండి.