కొమ్ము దువ్వెన: కొనేవాళ్ల ప్రశ్నలతో వివరణ తిరగరాస్తున్నాను (పర్లాకిమిడి)

జూన్ మొదటి వారం

మా పర్లాకిమిడిలో కొమ్ము పని పాతకాలం నుంచీ ఉన్నదే. ఆ పని తెలిసిన మా వీధి మావయ్య దగ్గర నేర్చుకుని, సాయంత్రాలు గేదె కొమ్ముతో దువ్వెనలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఈ వారం రంపం పట్టలేదు. కొనేముందు జనం అడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో ఎడమ పేజీలోకి, కొన్నాక రాసిన రివ్యూలు కుడి పేజీలోకి, వాళ్ల మాటల్లోనే ఎక్కించాను. రెండూ విడిగా ఉండాలి. ప్రశ్న వచ్చిందంటే వివరణలో కావలసింది లేదు, లేదా ఉన్నా కంటపడలేదు. రివ్యూలో అసంతృప్తి ఉందంటే మనిషి ఊహించుకున్నది ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి.

ఎడమ పేజీలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడింది: "ఇది నిజంగా కొమ్మేనా, ప్లాస్టిక్కా?" వివరణలో "సహజమైనది" అని ఉంది గానీ ప్లాస్టిక్ అమ్మేవాళ్లూ ఆ మాట రాస్తారు, ఎవరు నమ్ముతారు? అందుకని పొద్దుటి ఎండకు అడ్డంగా దువ్వెన పట్టుకుని ఫొటో తీశాను. పల్చగా ఉన్నచోట తేనెరంగులో వెలుతురు దిగుతుంది, లోపల పొడుగ్గా సాగిన చారలు ఒక్కోచోట ఒక్కోలా కనబడతాయి. దాన్ని రెండో ఫొటోగా పెట్టాను. కాల్చి వాసన చూసుకోమని మాత్రం రాయలేదు, దువ్వెన పాడవుతుంది.

"జింక కొమ్ము కాదు కదా?" అన్న అనుమానమూ న్యాయమైనదే. జింక కొమ్ముల అమ్మకం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. "గేదె కొమ్ము, జింక కొమ్ము కాదు" అని రెండో వాక్యంలోనే చేర్చాను. జుట్టు రాలడం ఆగుతుందా అని అడిగినవాళ్లకు ఆ హామీ ఇవ్వనని చెప్పాను, వివరణలోనూ రాయను.

జూన్ చివర

కుడి పేజీలో నన్ను బాగా ఆలోచింపజేసిన రివ్యూ ఒకటుంది: "చూడ్డానికి బాగుంది, కొన్నాళ్లకే వంగిపోయింది." ఎలా కడిగారని మెసేజ్‌లో అడిగాను. నూనె జిడ్డు పోవాలని వేడినీళ్లలో నానబెట్టారట. మావయ్యకు చెబితే, "వేడిచేసి సాపు చేసిన కొమ్ము కదరా, మళ్లీ వేడి తగిల్తే పాత వంపుకే పోద్ది" అన్నాడు. గుండ్రటి కొమ్మును చీల్చి, వేడితో మెత్తబరిచి, బరువు కింద నొక్కితేనే పలక వస్తుంది. వేడికి, తడికి ఆ వంపు తిరిగి బయటపడుతుంది.

"నాణ్యమైనది, మన్నికైనది" అన్న పాత వాక్యం తీసేసి ఇది పెట్టాను:

"వేడినీళ్లలో నానబెట్టకండి, వంగిపోతుంది. పొడి బ్రష్‌తో పళ్ల మధ్య మురికి దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. పొడిబారినట్టుంటే ఒక చుక్క కొబ్బరినూనె రాయండి."

ఇదే చీటీ మీద రాసి పార్సిల్‌లోనూ వేస్తున్నాను. కొన్న రోజు చదివింది వాడే రోజుకు గుర్తుండదు. పలక సరిగా నొక్కకపోవడం వల్ల, నా దగ్గర్నుంచే వంగిన దువ్వెన వెళ్తే అది వేరే సంగతి. దానికి మాటలు రాసి లాభం లేదు, మార్చి ఇవ్వాల్సిందే. నానబెట్టలేదన్నవాళ్ల దగ్గర్నుంచి కూడా వంపు ఫిర్యాదులు వస్తే పలక నొక్కే పని దగ్గరికే వెళ్లి చూడాలి.

"అనుకున్నదానికంటే చిన్నది" అన్న రివ్యూలకు 14 సెంటీమీటర్ల పొడవు అని రాసి ఉండటం చాలలేదు. స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో, చేతిలో పట్టుకుని ఒక ఫొటో తీశాను. ఒత్తుజుట్టు వాళ్ల కోసం పళ్ల మధ్య సందు కూడా కొలిచి రాశాను.

జూలై

ప్లాస్టిక్ అనుమానం బాగా తగ్గింది. "ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?" మాత్రం వస్తూనే ఉంది. జవాబు వివరణలో ఉంది, కానీ అడుగున. ఫోన్‌లో పైన రెండు వరుసలే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మాటలు మార్చకుండా ఆ వాక్యాన్ని మొదటి వరుసకు తెచ్చాను: "ప్రతి కొమ్ము రంగు, చారలు వేరు. ఆర్డర్‌కు ముందు మెసేజ్ పెడితే మీకొచ్చే దువ్వెన ఫొటోనే పంపుతాను." ఫొటో అడిగి కొన్నవాళ్లెవరూ రంగు గురించి ఇంతవరకు ఫిర్యాదు రాయలేదు.

ఒకసారికి ఒక్క మార్పే చేస్తున్నాను, పాత వాక్యం తేదీ వేసి దాస్తున్నాను. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో పట్టుకోలేం. ఈ మధ్య ఒడియాలో అడిగేవాళ్లు పెరిగారు. వాడే విధానం ముక్కను ఒడియాలో కూడా రాయించి, ఆఖరి ఫొటోగా పెట్టడం వచ్చే వారం పని.