సమీకరణం సరిపోయింది, జవాబు తప్పింది

మొన్న రైల్వే ఎన్‌టీపీసీ ఫలితాల్లో నా నంబరు కనిపించింది. అంకె అంకె మూడుసార్లు సరిచూసుకున్నాకే అమ్మను పిలిచాను. పుస్తకాలు, టైమ్‌టేబుల్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను మాత్రం మొదటి ప్రయత్నంలో పోగొట్టుకున్న ఒక వయసుల లెక్క గురించి రాస్తాను. ఆ ఏడాది కటాఫ్‌కు ఒక్క మార్కు దూరంలో ఆగిపోయాను. తప్పు జవాబుకు రావలసిన మార్కు పోవడమే కాక మరో మూడో వంతు కోత పడుతుందని మీకు తెలిసిందే.

లెక్క ఇది: 6 సంవత్సరాల క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 10 సంవత్సరాల తర్వాత రెట్టింపు అవుతుంది. తండ్రి ప్రస్తుత వయసు ఎంత? ఆప్షన్లు 26, 32, 38, 48.

6 ఏళ్ల క్రితం కొడుకు వయసు x, తండ్రి వయసు 4x అనుకుని 4x + 10 = 2(x + 10) అని రాశాను. x = 5 వచ్చింది. అప్పుడు తండ్రికి 20, ఇప్పుడు 26. ఆప్షన్లలో ఉంది. నేను సరిచూడకుండా పెట్టలేదు. x స్థానంలో 5 వేసి చూస్తే రెండు వైపులా 30 వచ్చింది. ధీమాగా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.

x అనేది 6 ఏళ్ల కిందటి వయసు. అక్కడి నుంచి 10 ఏళ్ల తర్వాతికి చేరాలంటే 16 కలపాలి, నేను 10 కలిపాను. తప్పు సమీకరణమైనా దాని సాధనను అందులోనే వేస్తే సరిపోతుంది. అందుకే ఇప్పుడు సరిచూసేటప్పుడు సమీకరణం వైపు చూడను. వచ్చిన ప్రస్తుత వయసులను రఫ్ కాగితం మధ్యలో వేసి, ఎడమవైపు గతం, కుడివైపు భవిష్యత్తు రాసి, ప్రశ్నలోని వాక్యాలను మళ్లీ చదువుతాను.

మధ్యలో 26, 11. ఎడమవైపు 20, 5: నాలుగు రెట్లు, సరిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, దయచేసి ఆగకండి. కుడివైపు 36, 21. 21కి రెట్టింపు 42. జవాబు తప్పని అక్కడే తేలిపోతుంది. 16 కలిపి సాధిస్తే x = 8, ఇప్పుడు 38, 14. గతంలో 32, 8. తర్వాత 48, 24. రెండు వాక్యాలూ నిలిచాయి. 32, 48 ఆప్షన్లలో ఎందుకున్నాయో కూడా ఇక్కడే తెలుస్తుంది: అవి తండ్రి వయసులే, కాకపోతే వేరే కాలానివి.

వయసుల తేడా మారలేదు కాబట్టి జవాబు సరైనదేనని కొందరు అంటారు. నా తప్పు జవాబులోనూ మూడు చోట్లా తేడా 15 ఉంది. ఒకరికి కలిపి మరొకరికి కలపడం మరిచిపోతే తేడా పట్టిస్తుంది, అంతవరకే.

ఇంత చూడటానికి సమయం ఉండదని వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆరు నెలలు రోజూ ఐదేసి లెక్కలు ఇలా సరిచూస్తే అర నిమిషం కూడా పట్టని స్థితికి వచ్చాను. ఈసారి పరీక్షలోనూ వయసుల లెక్క వచ్చింది. కుడివైపు జత నిలబడలేదు. ప్రశ్న మళ్లీ చదివితే, 'తర్వాత' అన్నచోట నేను 'క్రితం' అనుకున్నానని తెలిసింది. గుర్తు మార్చి సరైన ఆప్షన్ పెట్టాను.