గడియారం ముళ్ళ లెక్క నాకు చివరికి ఎలా అర్థమైందంటే

నిన్ననే పరీక్ష రాసి వచ్చాను. క్లాక్స్ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి, రెండూ చేశాను. ఆరు నెలల క్రితం ఇదే చాప్టర్ పేరు వింటే నాకు కడుపులో తిప్పేది, అందుకే మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

మొదటి సంగతులు తేలిక. పెద్ద ముల్లు గంటకు 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే నిమిషానికి 6. చిన్న ముల్లు గంటకు 30 డిగ్రీలు, అంటే నిమిషానికి అర డిగ్రీ. ఇంతవరకు ఎవరికైనా వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాను, పేరు రాయను. మూడో వారంలో రీజనింగ్ సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి మూడుంపావుకి ముళ్ళ మధ్య కోణం ఎంత అని అడిగారు. రెండు ముళ్ళూ మూడు మీదే ఉంటాయి కదా అనుకుని సున్నా అని రాశాను. ఆయన చాక్‌పీస్ లాక్కుని, "డిగ్రీ ఎక్కడ కొనుక్కున్నావమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ వరకు నడిచి వెళ్ళి కూర్చున్న ఆ పది అడుగులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. సరే, తిట్టారు, తప్పు ఎక్కడో చెప్పాలి కదా? చెప్పలేదు. బోర్డు మీద |30H − 5.5M| అని రాసి, బట్టీ పట్టండి అని క్యాలెండర్స్‌కి వెళ్ళిపోయారు. వేలకు వేలు ఫీజు తీసుకుని, తెలియక తప్పు రాసిన పిల్లని నవ్వులపాలు చేసేవాళ్ళ దగ్గర చేరకండి. డెమో క్లాసులో ఎవరైనా డౌట్ అడిగినప్పుడు సార్ ముఖం ఎలా పెడుతున్నారో చూడండి, అది చాలు.

సూత్రం బట్టీ పట్టాను. 11:10కి వేస్తే 330లోంచి 55 పోను 275 వచ్చింది, ఆప్షన్లలో 275 లేనే లేదు. 180 దాటితే 360లోంచి తీసేయాలని, అప్పుడు 85 వస్తుందని తర్వాత తెలిసింది. కానీ ఎందుకు తీసేయాలో, అసలు ఆ 5.5 ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. ముళ్ళు ఎప్పుడు కలుస్తాయి అని అడిగితే మళ్ళీ మొదటికే.

ఒకరోజు రూమ్‌లో గోడ గడియారం దించి, సెల్ తీసేసి, ముళ్ళని వేలితో తిప్పి చూద్దామనుకున్నాను. పెద్ద ముల్లు వంగి వదులైపోయింది. (అలా చేయకండి, వెనకాల చిన్న చక్రం ఉంటుంది, దాన్నే తిప్పాలి.) అది పట్టుకుని సందు చివర వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు ముళ్ళూ ఊడదీసి, వంపు సరిచేసి, రెండింటినీ సరిగ్గా పన్నెండు మీద పెట్టి నొక్కారు. తర్వాత గడియారాన్ని కంటికి అడ్డంగా పట్టుకుని వెనక చక్రం మెల్లగా తిప్పుతూ, ఒక ముల్లు మీదుగా ఇంకోటి వెళ్ళే ప్రతిసారీ ఆగి చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారు బాబాయ్?" అన్నాను.

"ఒకదానికొకటి తగులుతాయేమోనమ్మా. తగిలితే గడియారం అక్కడే ఆగిపోద్ది. పదకొండు చోట్ల చూడాలి."

"పన్నెండు కదా?"

"నువ్వే తిప్పి లెక్కపెట్టుకో. మొదలుపెట్టిన పన్నెండు వదిలెయ్, చివర్లో వచ్చే పన్నెండు కలుపు."

తిప్పాను. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకు ఒకసారి, రెండు దాటి దాదాపు పదకొండు నిమిషాలకు ఒకసారి, మూడు దాటి పదహారు దాటాక ఒకసారి. మూడుంపావు దగ్గర చేయి ఆపాను. పెద్ద ముల్లు సరిగ్గా మూడు మీద ఉంది, చిన్న ముల్లు మూడు దాటి కొంచెం ముందుకు జరిగి ఉంది. నన్ను ఏడిపించింది ఆ కొంచెమే! పది దాటి దాదాపు 54 నిమిషాలకు కలిశాయి. పదకొండుకీ పన్నెండుకీ మధ్యలో మాత్రం కలవలేదు, నేరుగా పన్నెండు మీదే కలిశాయి. లెక్క పదకొండే. రోజుకి 22 సార్లు అని పుస్తకంలో ఉన్నది ఇదన్నమాట.

ఆ రాత్రి కూర్చుంటే దారి దొరికింది. దీన్ని కోణం లెక్క అనుకోవద్దు, ఒకరి వెనక ఒకరు పరిగెత్తే లెక్క అనుకోండి. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు పరిగెడుతుంది, చిన్నది అర డిగ్రీ ముందుకు జరిగిపోతుంది, కాబట్టి నిమిషానికి 5.5 డిగ్రీల దూరం తగ్గుతుంది. సూత్రంలోని 5.5 అదే. 30H అంటే గంట మొదట్లో చిన్న ముల్లు పెద్దదానికంటే ఎంత ముందుందో ఆ దూరం.

7:20 తీసుకుందాం. సరిగ్గా ఏడు కొట్టినప్పుడు పెద్దది పన్నెండు మీద, చిన్నది ఏడు మీద, మధ్య దూరం 210 డిగ్రీలు. 20 నిమిషాల్లో 110 తగ్గింది, మిగిలింది 100. అదే జవాబు. ఇక ఎప్పుడు కలుస్తాయి అంటే ఆ 210 మొత్తం తగ్గిపోవాలి. 210ని 5.5తో భాగిస్తే 38 2/11 నిమిషాలు, అంటే 7 గంటల 38 నిమిషాల 11 సెకన్లు. మూడుంపావు లెక్క కూడా ఇంతే. మూడు కొట్టినప్పుడు దూరం 90, పదిహేను నిమిషాల్లో 82.5 తగ్గింది, ఇంకా 7.5 మిగిలింది. ఆ ఏడున్నర డిగ్రీలు నాకు ఆ రోజు ఎవరైనా చూపిస్తే సరిపోయేది.

కలిసిన తర్వాత పెద్దది మళ్ళీ చిన్నదాన్ని పట్టుకోవాలంటే ఒక చుట్టు ఎక్కువ తిరగాలి, 360ని 5.5తో భాగిస్తే 65 5/11 నిమిషాలు. పన్నెండు గంటల్లో అలాంటివి సరిగ్గా పదకొండు పడతాయి.

గోడ గడియారంలో చూసి సరిచూసుకోవాలంటే మాత్రం సెకన్ల దాకా ఆశించకండి. ఒక డిగ్రీ తగ్గడానికి దాదాపు 11 సెకన్లు పడుతుంది, ముల్లు మందం వల్ల అర నిమిషం పాటు కలిసే ఉన్నట్టు కనిపిస్తుంది.

నిన్న వచ్చిన మొదటి ప్రశ్న, 4కీ 5కీ మధ్య ముళ్ళు ఎప్పుడు కలుస్తాయని. దూరం 120, 5.5తో భాగిస్తే 21 9/11, పది సెకన్లలో పెట్టేశాను. ఆప్షన్లలో 20 కూడా ఉంది, చిన్న ముల్లు కదలదనుకునేవాళ్ళ కోసం. రెండోది అదే గంటలో లంబకోణం ఎప్పుడు అని. ఇక్కడే చాలామంది ఒక్క జవాబు దగ్గర ఆగిపోతారు. 120 కాస్తా 90 అవ్వాలంటే 30 తగ్గాలి, అది 5 5/11 నిమిషాలకు. తర్వాత పెద్దది చిన్నదాన్ని దాటి 90 ముందుకు వెళ్ళాలి, అంటే మొత్తం 210 కావాలి, 38 2/11 నిమిషాలకు. ఏడు గంటల లెక్కలో వచ్చిన సంఖ్యే మళ్ళీ వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. "రెండూ సరైనవే" అన్న ఆప్షన్ పెట్టి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా బాబాయ్ కొట్టు దగ్గరికే వెళ్ళాను. ఆయన ఎవరిదో పాత వాచీ విప్పుకుని కూర్చున్నారు. రెండూ వచ్చాయి బాబాయ్ అంటే, తలెత్తకుండానే, "ముల్లు మళ్ళీ వేలితో తిప్పలేదు కదా?" అన్నారు.