చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పోర్టులు, ఐదు కేబుళ్లు

మొదటి ఆదివారం

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి పడవలు ఒడ్డుకు చేరడం తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే 130 జీబీ అయింది. దాన్ని ల్యాప్‌టాప్ నుంచి బయటి ఎస్ఎస్‌డీకి ఎక్కించడానికి దాదాపు గంట పట్టింది. ఆ ఎస్ఎస్‌డీ సెకనుకు 10 గిగాబిట్ల రకం. మూడు నిమిషాల్లో అయిపోవాల్సిన పని.

నా ల్యాప్‌టాప్‌కి ఎడమ పక్కన రెండు యూఎస్‌బీ-సీ పోర్టులున్నాయి. ఆకారంలో తేడా ఏమీ లేదు. టార్చి వేసి చూస్తే ఒకదాని పక్కన చివర బాణం ఉన్న మెరుపు గుర్తు కనిపించింది. అది థండర్‌బోల్ట్ 4, అంటే యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉండి సెకనుకు 40 గిగాబిట్ల దాకా మోసే పోర్టు. రెండోది మామూలు 10 గిగాబిట్ల యూఎస్‌బీ. తప్పు పోర్టులో పెట్టానేమో అనుకుని మార్చి చూశాను. వేగం మారలేదు, సెకనుకు 40 ఎంబీ దగ్గరే ఆగింది. లినక్స్‌లో ఈ కమాండ్ కొట్టాక విషయం తెలిసింది:

```
lsusb -t
```

డ్రైవ్ ఉన్న వరుస చివర `480M` అని ఉంది. అంటే డ్రైవ్ యూఎస్‌బీ 2.0 వేగంలో నడుస్తోంది. నేను వాడింది ఫోన్ ఛార్జర్‌తో వచ్చిన కేబుల్. అలాంటి చాలా కేబుళ్లలో కరెంటు తీగలు, యూఎస్‌బీ 2.0 తీగల జత మాత్రమే ఉంటాయి. హైస్పీడ్ జతలు అసలు ఉండవు కాబట్టి ఏ పోర్టులో పెట్టినా ఇంతే. ఎస్ఎస్‌డీ పెట్టెలోనే వచ్చిన పొట్టి కేబుల్ వెతికి పెడితే అదే వరుసలో `10000M` వచ్చింది, కాపీ మూడు నిమిషాల లోపే పూర్తయింది.

రెండో శనివారం

ఎడిటింగ్ నేరుగా బయటి డ్రైవ్ మీదే చేద్దామని సెకండ్‌హ్యాండ్ థండర్‌బోల్ట్ 3 డ్రైవ్ ఒకటి కొన్నాను. దాంతో కేబుల్ రాలేదు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో అడిగితే, "టైప్-సీ ఏదైనా ఒకటే సార్, పట్టుకెళ్లండి" అన్నారు. ఆ కేబుల్‌తో డ్రైవ్ లైటు వెలిగింది కానీ తెర మీద డిస్కు రాలేదు. డ్రైవే పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. డ్రైవ్ బాగానే ఉంది. కేబుల్ కరెంటు మాత్రం ఇస్తోంది, థండర్‌బోల్ట్ సిగ్నల్ మోయడం లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. నా డ్రైవ్‌లోని చిప్‌కి థండర్‌బోల్ట్ తప్ప వేరే భాష రాదు. మంచి కేబుల్‌తో కూడా దాన్ని మామూలు యూఎస్‌బీ పోర్టులో పెడితే లైటు వెలుగుతుంది తప్ప పనిచేయదు. కొన్ని కొత్త డ్రైవ్‌లు అలాంటి పోర్టులో యూఎస్‌బీకి దిగొచ్చి పనిచేస్తాయి. వాడినది కొనేవాళ్లు ఈ మాట ముందే అడగాలి.

మూడో ఆదివారం

మా బావ దగ్గర రెండు మీటర్ల థండర్‌బోల్ట్ 3 కేబుల్ ఉంటే తెచ్చుకున్నాను. మెరుపు గుర్తు పక్కన 3 అని ఉంది. మెరుపు పోర్టులో పెట్టగానే డ్రైవ్ కనిపించింది. థండర్‌బోల్ట్ పరికరాల వివరాలు చూపే `boltctl list` కొడితే:

```
rx speed: 40 Gb/s = 2 lanes * 20 Gb/s
```

చదివే వేగం సెకనుకు 2,700 ఎంబీ దాకా వచ్చింది. ఇక అన్నిటికీ ఇదొక్కటే చాలనుకుని పాత ఎస్ఎస్‌డీని కూడా దానికే తగిలించాను. మళ్లీ `480M`!

ఈ వారంలో ఎక్కువసేపు కూర్చున్నది దీని దగ్గరే. రెండు మీటర్ల దూరం 40 గిగాబిట్లు పోవాలంటే సిగ్నల్‌కి బలం ఇచ్చే చిప్‌లు కేబుల్ రెండు చివర్లా ఉండాలి. థండర్‌బోల్ట్ 3 కాలం నాటి ఇలాంటి యాక్టివ్ కేబుళ్లలో చాలావాటి చిప్‌లు థండర్‌బోల్ట్‌కే పనిచేస్తాయి, యూఎస్‌బీ 3 సిగ్నల్‌ని దాటనివ్వవు. అప్పుడు మామూలు యూఎస్‌బీ డ్రైవ్‌కి మిగిలేది యూఎస్‌బీ 2.0 జత ఒక్కటే. ఖరీదైన కేబుల్ కూడా ఛార్జింగ్ కేబుల్‌లా నడవడానికి కారణం ఇదే. బలం ఇచ్చే చిప్‌లు లేని అర మీటరు పాసివ్ కేబుల్‌కి ఈ ఇబ్బంది లేదు, కానీ అది టేబుల్ కింది దాకా అందదు. పొడవైన పాసివ్ కేబుల్ అయితే `boltctl`లో 40 బదులు 20 చూపించవచ్చు.

నాలుగో శనివారం

మెరుపు పక్కన 4 అని ముద్ర ఉన్న రెండు మీటర్ల కేబుల్ కొన్నాను. థండర్‌బోల్ట్ 4 కేబుల్ ఆ పొడవులో కూడా 40 గిగాబిట్లు మోస్తుంది, యూఎస్‌బీని కూడా దాటనిస్తుంది. థండర్‌బోల్ట్ డ్రైవ్‌తో 40 వచ్చింది, పాత ఎస్ఎస్‌డీతో `10000M` వచ్చింది. రెండూ తెర మీద చూశాకే బిల్లు కాగితం చించేశాను.

బావ కేబుల్ తిరిగిచ్చేటప్పుడు దానికి ఎర్ర దారం కట్టి, "బావా, ఇది థండర్‌బోల్ట్ డ్రైవ్‌కే వాడు, పెన్‌డ్రైవ్‌లకి వద్దు" అని చెప్పాను. ఛార్జింగ్ కేబుల్ ఇప్పుడు మంచం పక్కన ఛార్జర్‌కే ఉంది. రేపు హార్బర్ ఫుటేజీ ఎడిటింగ్ మొదలుపెడతాను.